మీ కాళ్లు చూడని డాక్టర్లం

షుగర్ గురించి నాలుగు మాటలు చెప్పమని సిర్గాపూర్ పెద్దలు పిలిస్తే వచ్చాను. ఇలాంటి సభల్లో మేం చెప్పే మాటలు మీకు నోటికి వచ్చేసి ఉంటాయి. తీపి మానండి, అన్నం తగ్గించి జొన్నరొట్టె తినండి, పొద్దున నడవండి, గోలీ మర్చిపోకండి అంటాం. అవన్నీ నిజమే. ఇవాళ వాటిని మళ్లీ చెప్పను. డాక్టర్లమందరం కలిసి ఏళ్ల తరబడి చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. మేం మీ కాళ్లు చూడలేదు.

మీరు మా గదిలోకి వచ్చేటప్పుడు చెప్పులు గడప బయటే విడుస్తారు. ఎవరూ విడవమనరు, మీ అంతట మీరే విడుస్తారు. వట్టి కాళ్లతో వచ్చి స్టూలు మీద కూర్చుంటారు. మీ పాదాలు మా బల్ల కిందనే, మూరెడు దూరంలో ఉంటాయి. పట్నంలో అయితే బూట్లు విప్పమనాలి, మేజోళ్లు తీయమనాలి. ఇక్కడ ఆ పని కూడా లేదు. అయినా మేం వంగి చూడలేదు. రక్తపరీక్ష కాయితంలో అంకె చూశాం, బీపీ చూశాం, గోలీలు రాశాం, తర్వాతి వాళ్లను పిలిచాం.

రద్దీ వల్ల చూడలేదని మాలో మేం చెప్పుకుంటాం. లైను పొడుగ్గా ఉండే మాట నిజమే. కానీ రెండు పాదాలు పైనా కిందా చూడటానికి నిమిషం చాలు. అసలు సంగతి వేరు. గుండె, కిడ్నీ, కన్ను డాక్టరు చూడాల్సినవి, కాలి పుండు డ్రెస్సింగ్ గదిలో చూసేది అనే లెక్క మాలో పాతుకుపోయింది. ఒకరి పాదం చేతిలోకి తీసుకోవడం తక్కువ పని అనే భావం కూడా ఎక్కడో లోపల ఉంది. మా చదువు దాన్ని పోగొట్టలేదు. మీరూ పాదం వెనక్కి లాక్కుంటారు. “అయ్యో సారు, మీరు నా కాళ్లు పట్టుకునుడేంది” అంటారు. మీ మర్యాద మా బద్ధకానికి బాగా కలిసొచ్చింది.

షుగర్ ఉన్నవాళ్ల కాలు ఎందుకు పోతుందో ముందు చెప్పుకుందాం. షుగర్ ఉంటే పుండు మానదని అందరికీ తెలుసు. అయితే పుండు పడిన సంగతే తెలియకపోవడం అంతకంటే ముందు జరుగుతుంది. నొప్పి, వేడి, తాకిడి కబురు మెదడుకు చేరవేసేవి నరాలు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అవి దెబ్బతింటాయి. అందులో అన్నిటికంటే పొడుగైన నరం ముందు దెబ్బతింటుంది. నల్లవాగు కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నీళ్లు తగ్గితే ముందు ఎండేది కాలువ చివరి మడి. నడుము నుంచి కాలి బొటనవేలి దాకా వెళ్లే నరం ఒంట్లో చివరి మడి లాంటిది. అందుకే తిమ్మిరి వేళ్ల కొసల్లో మొదలై, అరికాలికి, తర్వాత మడమకు, మెల్లగా పిక్కకు పాకుతుంది. రెండు కాళ్లలోనూ ఒకేలా వస్తుంది.

మొదట్లో చీమలు పారినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. రాత్రిళ్లు అరికాళ్లు మండుతాయి. తడిగుడ్డ కప్పుకుని పడుకునేవాళ్లున్నారు, బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లున్నారు. అప్పుడు మా దగ్గరికి వస్తారు, మేం మంట తగ్గే గోలీ రాస్తాం. ఏడాదో రెండేళ్లో గడిచాక వచ్చి “సారు, మంట పోయింది, మంచిగుంది” అంటారు. మేమూ సంతోషపడి “మంచిదే” అన్నాం. ఇది మా పెద్ద తప్పుల్లో ఒకటి. మంట పోవడానికి రెండు కారణాలుండొచ్చు. మందుతో తగ్గి ఉండొచ్చు. లేకపోతే ఆ కబురు మోసే నరమే పూర్తిగా చచ్చిపోయి ఉండొచ్చు. రెండోదైతే అసలు ప్రమాదం ఆ రోజే మొదలైంది. ఏది నిజమో తెలియాలంటే పాదం ముట్టుకుని చూడాలి. మేం ముట్టుకోలేదు.

ఒకాయన సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. యాభై దాటిన రైతు, పత్తి, కంది వేస్తాడు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. నెలనెలా వచ్చి గోలీలు తీసుకునే మనిషే, ఎగ్గొట్టేవాడు కాదు. పత్తి ఏరడం అయిపోయాక కట్టె కోసిన చేలో రబ్బరు చెప్పులతో నడిచాడు. ఏటవాలుగా తెగిన మోడు చెప్పులోంచి దూసుకొచ్చి బొటనవేలి కింది మెత్తలో గుచ్చుకుంది. ఆయనకు తెలియలేదు. సాయంత్రం ఇంట్లో గచ్చు మీద ఎర్రటి అడుగులు చూసి భార్య అడిగేదాకా తెలియలేదు.

పసుపు, సున్నం కలిపి పెట్టారు. మర్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, కొన్ని గోలీలు. ఐదో రోజుకు పైన తెల్లటి తోలు కట్టుకుంది. మానిందనుకున్నాడు. నిజానికి గాయం పైన మూసుకుంది గానీ లోపల చీము పట్టింది. కట్టె ముక్క ఇంకా అందులోనే ఉంది. ఆ కాలి మీదే చేనుకు వెళ్లాడు, కట్టెలు మోశాడు, అంగడికి నడిచాడు. నొప్పి లేదు కాబట్టి నడిచాడు. రెండో వారంలో పాదం వాచి చెప్పు పట్టలేదు. చలిజ్వరం వచ్చింది, వాసన మొదలైంది. పెద్ద దవాఖానకు చేరేసరికి షుగర్ నాలుగు వందలు దాటింది. ముందు బొటనవేలు తీశారు. చీము అరికాలి లోతుల్లోకి పాకిందని తెలిసి మోకాలి కింద కాలు తీశారు.

ఆయన తప్పు ఏమిటి? ఆలస్యంగా వచ్చాడు అంటాం మేం. కేసు షీటులో మొదటి వాక్యం అదే రాస్తాం. నొప్పి తెలియని మనిషి ఎప్పుడు రావాలో ఎలా తెలుసుకుంటాడు? మోడు మీకో నాకో గుచ్చుకుంటే అరుస్తాం, కూర్చుంటాం, ముక్క పీకేస్తాం. తర్వాత వారం రోజులు కుంటుతాం. ఆ కుంటడమే కాలిని కాపాడుతుంది, దెబ్బ తగిలిన చోట బరువు పడనివ్వదు. ఆయన కాలు కుంటే శక్తిని పోగొట్టుకుంది. ఆ సంగతి ఆయనకు మేం చెప్పాలి. ఎనిమిదేళ్లు నెలకోసారి మా ఎదుట వట్టి కాళ్లతో కూర్చున్నాడు. ఒక్కసారి ముట్టుకుని ఉంటే మాకు తెలిసేది.

ఇందులో మరీ బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. స్పర్శ లేని కాలిని ఎలా కాపాడాలో మాకు తెలియక కాదు. మన దేశంలో, మన పక్కనే, తరాలుగా తెలుసు. ఇక్కడి నుంచి ఉత్తరంగా కామారెడ్డి జిల్లా దాటితే డిచ్‌పల్లి వస్తుంది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో అక్కడ కుష్టు రోగుల కోసం దవాఖాన పెట్టారు. కుష్టులోనూ నరాలు చచ్చిపోతాయి. పాదానికి స్పర్శ పోతుంది, పుండ్లు పడతాయి, వేళ్లు అరిగిపోతాయి. రోగం మాంసాన్ని కుళ్లబెట్టడం వల్లే వేళ్లు ఊడిపోతాయని ఒకప్పుడు అందరూ నమ్మేవారు, డాక్టర్లు కూడా.

ఆ నమ్మకాన్ని తిరగరాసిన వాళ్లలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడు కొండల్లో పుట్టాడు. 1946 నుంచి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశాడు. కుష్టు రోగుల పుండ్లను ఒక్కొక్కటీ వెంటాడి, ఎప్పుడు పడింది, ఏం చేస్తుండగా పడిందని ఆరా తీశాడు. కాలుతున్న గిన్నె పట్టుకుని, చెప్పులో మేకు మీద నడిచి, ఒకే చోట బరువు వేసి వాళ్లు తమకు తెలియకుండానే దెబ్బలు తగిలించుకుంటున్నారని తేలింది. రాత్రికి రాత్రి వేలు మాయమైన వాళ్ల సంగతి ఆరా తీస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని బయటపడింది. పడుకునే చోట పిల్లులను పెంచుకోమని ఇచ్చాడు. పుండు పడ్డ పాదానికి పిండికట్టు వేసి బరువు పడకుండా చూస్తే, ఏళ్లుగా మానని పుండు కూడా మానడం గమనించాడు. ఆ పుండుకు అసలు మందు దాని మీద నడవకపోవడమే. మెత్తటి రబ్బరు అట్ట పరిచిన చెప్పులు వెల్లూరు చుట్టుపక్కలే రూపు దిద్దుకున్నాయి. వాటినే ఎంసీఆర్ చెప్పులంటారు. మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు, కుష్టు కార్యక్రమం వాళ్లు పంచేవారు.

1966లో బ్రాండ్ అమెరికాలో కార్విల్ అనే ఊళ్లోని కుష్టు ఆసుపత్రికి వెళ్లాడు. వెల్లూరులో నేర్చుకున్నది అక్కడ షుగర్ రోగుల పాదాలకూ పనికొచ్చింది. ఇవాళ ప్రపంచమంతా షుగర్ కాలి స్పర్శ చూసే నైలాన్ పోగు, ఒత్తితే పది గ్రాముల బరువు దగ్గర వంగే పోగు, ఆ కార్విల్ పరిశోధనలోంచే వచ్చింది. అంటే మన దక్షిణాదిలో, కుష్టు రోగుల కాళ్ల దగ్గర పుట్టిన విద్య సముద్రాలు దాటి అక్కడి షుగర్ రోగుల కాళ్లను కాపాడింది. మేం మాత్రం ఆ విద్యను ఒక గదిలోంచి పక్క గదిలోకి తీసుకురాలేదు. కుష్టు విభాగంలో పాదం చూసేవారు, పక్షి ఈకతోనో పెన్ను మొనతోనో ముట్టి అడిగేవారు, చెప్పులు ఇచ్చేవారు. షుగర్ ఓపీలో అంకె చూసేవాళ్లం. ఆశా కార్యకర్త మీ ఇంటికొచ్చి నింపే ఫారంలో అరచేయి, అరికాలి తిమ్మిరి గురించి, మాటిమాటికీ పడే పుండు గురించి ఇప్పటికీ ప్రశ్నలున్నాయి. అవి కుష్టును పట్టుకోవడానికి పెట్టినవి. అదే ప్రశ్నకు షుగర్ ఉన్న మనిషి అవునని చెబితే ఏం చేయాలో ఆశమ్మకు మేం నేర్పలేదు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉంది. అంతమంది పాదాలు చూడటానికి డాక్టర్లు చాలరు. కానీ చూడటానికి డాక్టరే అక్కర్లేదు, నైలాన్ పోగు కూడా అక్కర్లేదు. చూపుడు వేలు చాలు. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ అనే ఊరి డాక్టర్లు ఈ పద్ధతిని పరీక్షించి, పోగుతో చూసిన దానికి దాదాపు సమానంగా పనికొస్తుందని చూపించారు. ఇవాళ ఈ హాల్లోనే చేసి చూద్దాం. ఇంటికి వెళ్లి మీరూ చేయొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు చెప్పులు విడిచి, కాళ్లు చాపి కూర్చోవాలి. పరీక్ష చేసేవాళ్లు ముందు ఒకసారి కుడి పిక్కనూ ఎడమ పిక్కనూ ముట్టి, ఇది కుడి, ఇది ఎడమ అని చెప్పాలి. తర్వాత వాళ్లను కళ్లు మూసుకోమనాలి. నేను ముట్టినట్టు తెలిసినప్పుడు కుడి అనో ఎడమ అనో చెప్పమనాలి. ఇక చూపుడు వేలి కొసతో వాళ్ల కాలివేళ్ల కొసలను మెల్లగా తాకాలి. కుడికాలి బొటనవేలు, చిటికెన వేలు, తర్వాత ఎడమకాలి బొటనవేలు, చిటికెన వేలు, చివర్లో కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. మొత్తం ఆరు చోట్లు. ఒక్కో చోట ఒకటి రెండు సెకన్లు అలా తాకి తీసేయాలి, అంతే.

తప్పు జరిగేది ఇక్కడే. కళ్లు మూసుకున్న మనిషి పలక్కపోతే మనం ఆత్రంగా గట్టిగా నొక్కుతాం, గిల్లుతాం, ఇంకోసారి తాకుతాం. అలా చేయొద్దు. నొక్కితే లోతు నరాలకు తెలుస్తుంది, పరీక్ష పనికిరాదు. పలకలేదంటే తెలియలేదనే లెక్క, తర్వాతి వేలికి వెళ్లాలి. “ఇప్పుడు తెలిసిందా?” అని కూడా అడగొద్దు. అడిగితే మన పెద్దవాళ్లు మన మనసు నొప్పించడం ఇష్టంలేక తెలిసిందనే అంటారు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదానికి కాపలా తగ్గిందని అర్థం. అలాంటివాళ్లు నారాయణఖేడ్ ఆసుపత్రిలో గానీ మీ దగ్గరి దవాఖానలో గానీ ఒకసారి పూర్తిగా చూపించుకోవాలి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ గోలీ వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గి కూడా తిమ్మిరి వస్తుంది. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, భర్తీ చేయొచ్చు. షుగర్ వల్ల పోయిన స్పర్శ మాత్రం చాలావరకు తిరిగిరాదు. షుగర్‌ను అదుపులో పెడితే ఇంకా పైకి పాకకుండా నెమ్మదిస్తుంది. ఏ బలం సూదితోనైనా స్పర్శ తెప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

స్పర్శ తగ్గిన కాలికి ఇక కళ్లే కాపలా. రోజూ రాత్రి పడుకునే ముందు పాదం కడిగి, గుడ్డతో వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, వెలుతురులో చూడాలి. వంగలేనివాళ్లు అద్దం నేల మీద పెట్టి దాని మీదుగా పాదం ఎత్తితే అరికాలు కనిపిస్తుంది. చూపు ఆననివాళ్లకు మనవడో మనవరాలో చూడాలి. ఏం చూడాలి? పొక్కు, కోత, ఎర్రబడ్డ చోటు, రంగు మారిన వేలు, మడమ పగులు. ఆనెకాయ ఉంటే ప్రత్యేకంగా చూడాలి. అదే చోట బరువు పడుతోందనడానికి అది గుర్తు. ఆనెకాయ మధ్యలో నల్లగానో ఎర్రగానో కనిపిస్తే దాని కింద రక్తం చిమ్మింది, పుండు తయారవుతోంది. దాన్ని బ్లేడుతో కోసుకోవద్దు. మందు పట్టీ పెట్టి కరిగించుకోవద్దు. మా దగ్గరికి రండి, గీకి తీయడం మా పని.

చేత్తో కూడా చూడాలి. చేతి వెనకవైపు రెండు పాదాల మీదా ఒకే చోట ఆనించి పోల్చండి. ఒకటి రెండోదానికంటే వెచ్చగా ఉంటే లోపల ఏదో నలుగుతోంది. గాయం లేకుండానే ఒక పాదం వాచి, ఎర్రగా, వేడిగా ఉండి నొప్పి అంతగా లేకపోతే లోపల ఎముకలు చితుకుతూ ఉండొచ్చు. దాన్ని మేం బెణుకని, వాతమని చెప్పి నొప్పి గోలీలు ఇచ్చి నడిపించాం. నడిచినకొద్దీ పాదం ఆకారం మారి, అరికాలు తలకిందులై దోనెలా అయిపోయినవాళ్లున్నారు. అలాంటి పాదం కనిపించిన రోజే నడక ఆపేయాలి, పాదానికి కట్టు వేయించాలి.

చెప్పుల సంగతి. రెండు వేళ్ల మధ్య గుంజ ఉండే హవాయి చెప్పు ఈ కాలికి పనికిరాదు. గుంజ ఒరుసుకుని సందులో పుండు పడుతుంది. చెప్పు జారకుండా వేళ్లు ముడుచుకుని నడవాల్సి వస్తుంది, దాంతో వేళ్ల కింది మెత్త మీద బరువు పెరుగుతుంది. కింది అట్ట గట్టిగా, ముల్లు దూరనంతగా ఉండాలి. పైన మెత్తటి అట్ట ఉండాలి. వెనక పట్టీ ఉండాలి. మేకులు కొట్టి కుట్టినది వద్దు. పత్తి చేలో, కోసిన జొన్న కొయ్యల్లో ఇది కూడా చాలదు, మూసుకునే బూటు కావాలి. కొత్తది కొనేటప్పుడు స్పర్శ లేనివాళ్లకు సైజు తెలియదు. బిగుతుగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. అందుకే ఇంటి దగ్గర కాయితం మీద పాదం ఆనించి గీత గీసి, కత్తిరించి దుకాణానికి పట్టుకెళ్లండి. ఆ కాయితం బూటులో ముడత పడకుండా పరుచుకుంటేనే కొనండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్లు కొంత వాచి ఉంటాయి. వేసుకునే ముందు ప్రతిసారీ చెయ్యి లోపల పెట్టి తడమండి. చిన్నపిల్లలు వేసిన గోలీకాయ, రాయి, తేలు, ఏదైనా ఉండొచ్చు.

వేడి దగ్గర మరీ జాగ్రత్త. తిమ్మిరికి కాపడం పెట్టి కాల్చుకున్న పాదాలు చలికాలంలో మాకు మాటిమాటికీ వస్తాయి. వేడినీళ్లను ముందు మోచేత్తో చూడాలి, లేదా స్పర్శ ఉన్నవాళ్లతో చూపించుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం గుడి బండల మీద, తారురోడ్డు మీద వట్టి కాళ్లతో నడిస్తే అరికాలు ఊడి వస్తుంది, తెలియదు. దీక్ష తీసుకునే స్వాములకు నా మనవి ఒకటే. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లు మీ గురుస్వామికి ముందే చెప్పి చెప్పులకు అనుమతి తీసుకోండి. ఈ విషయం గురుస్వాములతో మాట్లాడాల్సింది కూడా మేమే. మాట్లాడలేదు. ఇంట్లో వడ్లో కందులో బస్తాలున్నచోట ఎలుకలుంటాయి. స్పర్శ లేనివాళ్లు అక్కడ నేల మీద పడుకోవద్దు. మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి.

ఇక దెబ్బ తగిలిందని కనిపించిన రోజు ఏం చేయాలి? మంచినీళ్లూ సబ్బుతో కడగండి. సున్నం, కిరసనాయిలు, బ్యాటరీ మసి, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. శుభ్రమైన పొడిగుడ్డ కట్టండి. ఆ కాలి మీద నడవొద్దు. ఆ రోజే, కాకపోతే మర్నాడు, దవాఖానకు రండి. గుచ్చుకున్న గాయం చిన్నదని చూడొద్దు. పైకి చిన్నదైనా లోతు ఎక్కువ ఉండొచ్చు. వాపు, వాసన, జ్వరం, ఎర్రటి చార పైకి పాకడం, వేలు నల్లబడటం, ఇందులో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు. బండి కట్టించుకుని రాత్రికే బయల్దేరండి.

వచ్చాక మేం చేయాల్సినవి కూడా మీకు తెలిసి ఉండాలి, మేం చేయకపోతే అడగడానికి. పుండు చుట్టూ చచ్చిన తోలు కత్తిరించి తీయాలి. లోపలికి మొద్దు మొనతో తడిమి ఎముక తగులుతుందేమో చూడాలి. ఎముక తగిలితే చీము ఎముకను పట్టిందనే అనుమానం బలపడుతుంది, ఎక్స్‌రే తీయాలి. పాదం మీద, చీలమండ వెనక నాడి చూడాలి. నాడి అందకపోతే, పాదం చల్లగా ఉంటే రక్తనాళాలు మూసుకుని ఉండొచ్చు. బీడీ, చుట్ట తాగేవాళ్లకు ఇది ఎక్కువ. కుష్టు కాలికీ షుగర్ కాలికీ పెద్ద తేడా ఇక్కడే ఉంది. అక్కడ రక్తం బాగా అందుతుంది కాబట్టి బరువు తీసేస్తే చాలావరకు మానుతుంది. ఇక్కడ రక్తం అందని కాలికి పిండికట్టు వేస్తే ముప్పు, ముందు రక్తనాళాల డాక్టరుకు పంపాలి. లోతుగా చీము ఉన్నా కట్టు వేయకూడదు. నాడి బాగుండి, చీము లేకుండా అరికాల్లో పుండు ఉంటే, మోకాలి కింది వరకు ఒంటికి అంటుకునే పిండికట్టు మంచి వైద్యం. వాపు తగ్గగానే కట్టు వదులవుతుంది కాబట్టి మొదటిది కొద్దిరోజులకే మార్చాలి, తర్వాత వారం రెండు వారాలకోసారి. ఆరేడు వారాల్లో చాలామందికి మానుతుంది.

ఆరేడు వారాలు నడవొద్దని ఒక రైతుకు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. పంట కాలంలో అయితే ఆ ఏటి తిండి పోతుంది. చెరుకు నరకడానికి వెళ్లే కుటుంబాలకు అడ్వాన్సు తిరిగి కట్టమంటారు. నేను చెప్పగలిగేది లెక్క ఒక్కటే. షుగర్ వల్ల కాలు తీసేసిన పదిమందిలో ఎనిమిదిమందికి పైగా అంతకుముందు ఒక చిన్న పుండుతో మొదలైనవాళ్లే. ఆ పుండు దగ్గర ఆరు వారాలు ఆగడం, కాలు పోయాక మిగిలిన జీవితం ఆగడం, రెంటిలో ఒకటి ఎంచుకోమని మేం ముందే చెప్పి ఉంటే చాలామంది మొదటిదే ఎంచుకునేవారు. మేం చెప్పింది రెండోది మాత్రమే, అదీ ఆపరేషన్ సంతకం కోసం.

సభ మొదలయ్యే ముందు ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది. కాలి మెట్టె బిగుసుకుపోయింది, తీయొచ్చా అని. పెనిమిటి ఉండగా మెట్టె తీయకూడదని ఇంట్లో అంటున్నారట. అందరి ముందూ జవాబు చెబుతానన్నాను. పెద్దమ్మా, మెట్టెను ఎప్పటికీ తీసేసి ఉండనక్కర్లేదు, కానీ ఇప్పుడు మాత్రం తీయాలి. బిగుసుకున్న మెట్టె వేలిని కోస్తుంది, నీకు తెలియదు. వేలు వాచాక అది రానే రాదు, కత్తిరించాల్సి వస్తుంది. ఇవాళే సబ్బునీళ్లతో మెల్లగా తిప్పి తీయించుకో. రాకపోతే లాగొద్దు, కంసాలి దగ్గర గానీ మా దగ్గర గానీ కోయించుకో. దాన్నే సందు ఉండేలా, వదులు చేసుకునే వీలుండేలా కంసాలితో చేయించుకుని మళ్లీ పెట్టుకో. రోజూ స్నానం చేశాక పక్కకు జరిపి కింది తోలు చూసుకోవాలి. కడియాలున్న అక్కలు కూడా చీలమండ దగ్గర అలాగే చూసుకోండి. ఇప్పుడు ముందు వరసలో వాళ్లు కాళ్లు చాపండి, పెద్దమ్మ పాదంతోనే మొదలుపెడతాను.